రాత్రి షట్టరు దించినవాళ్లే పొద్దున్నే ఎత్తాలా? 8, 10, 11, 12 గంటల గ్యాపుల్లో ఏది మేలు

డ్యూటీ చార్టు వేసే మేనేజర్లు తిప్పి తిప్పి అడిగే ప్రశ్న ఇది: "ఒక డ్యూటీ దిగాక మరో డ్యూటీ ఎక్కేలోపు కనీసం ఎన్ని గంటలు ఇవ్వాలి?" అడిగేవాళ్లకు కావలసింది ఒక అంకె. కానీ ఆ అంకెను ఎక్కడి నుంచి లెక్కపెడుతున్నారో, డ్యూటీలు ఏ దిశలో తిరుగుతున్నాయో చెప్పకుండా అంకె ఒక్కటే చెబితే ఉపయోగం లేదు. పొద్దున టిఫిన్లతో మొదలై రాత్రి భోజనాలతో ముగిసే రెస్టారెంటునే ఉదాహరణగా తీసుకుందాం. ఓపెనింగూ క్లోజింగూ ఒకే మనిషి మెడకు చుట్టుకోవడం అక్కడ జరిగినంత సులువుగా ఇంకెక్కడా జరగదు.

మన హోటల్లో మూడు డ్యూటీలు అనుకుందాం. ఓపెనింగ్ ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 2:30 వరకు. మిడిల్ ఉదయం 11 నుంచి రాత్రి 7:30 వరకు. క్లోజింగ్ మధ్యాహ్నం 3 నుంచి రాత్రి 11:30 వరకు. ప్రతిదాన్లో అరగంట భోజన విరామం పోను పని ఎనిమిది గంటలు. రాత్రి 11:30కి దిగినవాడిని మర్నాడు ఆరింటికి రమ్మంటే మధ్యలో ఉన్నది ఆరున్నర గంటలు. అందులో ఇల్లు చేరాలి, తినాలి, నిద్రపోవాలి, లేచి తయారై మళ్లీ రావాలి.

చట్టం చూసుకుంటుందిలే అనుకోవద్దు

రోజువారీ గంటల పరిమితులు ఈ చిక్కును పట్టుకోవు. 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం రోజుకు తొమ్మిది గంటల పని, విరామాలతో కలిపి పదిన్నర గంటల నిడివి అని హద్దు పెట్టింది. పైకి చూస్తే మిగతా పదమూడున్నర గంటలూ విశ్రాంతే అనిపిస్తుంది. రోజూ ఒకే వేళకు డ్యూటీ ఎక్కేవాడి విషయంలో అది నిజం కూడా. డ్యూటీ వేళ మారిన రోజునే లెక్క తప్పుతుంది. పైన చెప్పిన క్లోజింగ్ నిడివి ఎనిమిదిన్నర గంటలు, ఓపెనింగ్ నిడివీ ఎనిమిదిన్నరే. రెండూ విడివిడిగా హద్దులోనే ఉన్నాయి. రెంటి మధ్య గ్యాపు మాత్రం ఆరున్నర గంటలు. దుకాణాలైనా ఆఫీసులైనా, రోజుకు ఇన్ని గంటలు, వారానికి ఇన్ని గంటలు అని రాసే నిబంధనల్లో ఈ సందు ఉంటుంది.

గ్యాపును సూటిగా రాసిన మన చట్టం ఒకటి 2025 దాకా ఉండేది. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం ఒక రోజు డ్యూటీ ముగిశాక మర్నాడు డ్యూటీ మొదలయ్యేలోపు ఎడతెగని తొమ్మిది గంటల విశ్రాంతి ఉండాలంది. అది బస్సూ లారీ నడిపేవాళ్ల కోసం. హోటళ్లవాళ్లు అంకె కోసం వెతికితే ఎక్కువగా కనిపించేవి బయటి దేశాలవే. 2003 నాటి యూరోపియన్ యూనియన్ పనివేళల ఆదేశం ప్రతి 24 గంటల్లో ఎడతెగని 11 గంటల విశ్రాంతి అంటుంది. అమెరికాలో సియాటిల్ నగరమూ ఒరెగాన్ రాష్ట్రమూ కొన్ని రకాల పెద్ద సంస్థలకు 10 గంటలు పెట్టాయి. న్యూయార్క్ నగరం ఫాస్ట్‌ఫుడ్ హోటళ్లకు 11 పెట్టింది. ఫిలడెల్ఫియా తొమ్మిదితో సరిపెట్టుకుంది. వీటిలో మనకు ఏది పనికొస్తుందో తేలాలంటే ముందు నిద్ర లెక్క చూడాలి.

గ్యాపులో నిద్రకు మిగిలేదెంత?

నగరంలో ఒక మోస్తరు దూరం నుంచి వచ్చే మనిషిని తీసుకోండి. ఇంటికి ముప్పావు గంట, మళ్లీ రావడానికి ముప్పావు గంట. రాత్రి వెళ్లాక స్నానం, నాలుగు ముద్దలు, ఒళ్లు చల్లబడి కన్ను మూతపడేసరికి గంట. పొద్దున లేచి తయారవడానికి గంట. మొత్తం మూడున్నర గంటలు ఖర్చు. గ్యాపు ఎంతైనా ఈ ఖర్చు తగ్గదు. కాబట్టి 8 గంటల గ్యాపులో నిద్ర నాలుగున్నర గంటలు. 9 ఇస్తే అయిదున్నర, 10 ఇస్తే ఆరున్నర, 11 ఇస్తే ఏడున్నర, 12 ఇస్తే ఎనిమిదిన్నర.

ఇదే లెక్క హోటలు వెనకాల గదుల్లో ఉండే కుర్రాళ్లకు వేరుగా ఉంటుంది. వాళ్లకు ప్రయాణం లేదు, ఖర్చు రెండు గంటలే. 10 గంటల గ్యాపులోనే ఎనిమిది గంటలు పడుకోగలరు. రాత్రి బస్సు దొరక్క షేర్ ఆటో కోసం నిలబడి, ఇంటికెళ్లి గిన్నెలు తోమి, పొద్దున పిల్లలకు బాక్సులు కట్టి వచ్చే ఆవిడకు ఖర్చు అయిదు గంటల దాకా పోతుంది. ఆమెకు 11 ఇచ్చినా మిగిలేది ఆరు గంటలే.

అందుకే "మా పక్క హోటల్లో పదే ఇస్తున్నారు, అంతా బాగానే ఉంది" అన్న మాటకు విలువ తక్కువ. అక్కడి స్టాఫ్ ఎక్కడ ఉంటున్నారో చూడాలి. మీ చార్టులో ప్రతి పేరు పక్కన ప్రయాణ సమయం రాసుకోండి. అందరిలో ఎక్కువ ఖర్చున్న మనిషికి కనీసం ఆరు గంటల నిద్ర మిగిల్చే అంకె ఏదో, అది మీ హోటలు కనీస గ్యాపు. నగరంలో చాలాచోట్ల అది 11 దగ్గర ఆగుతుంది.

ఇంకో సంగతి. గంటలు సమానమైనా వేళలు సమానం కావు. హైదరాబాద్ మెట్రో ఉదయం ఆరింటికి ముందు దొరకదు. ఆరింటి ఓపెనింగ్‌కు వచ్చేవాడు సొంత బండి మీదైనా రావాలి, లేదా నాలుగున్నరకే లేచి సిటీ బస్సు పట్టుకోవాలి. ఓపెనింగ్ ముందు రాత్రి ఖర్చు, మిడిల్ ముందు రాత్రి ఖర్చు ఒకే మనిషికి కూడా ఒకటి కావు.

8 గంటలు, 12 గంటలు

ఎనిమిది గురించి పెద్దగా చెప్పేదేం లేదు. గదుల్లో ఉండేవాళ్లకు కూడా ఆరు గంటలే మిగులుతాయి, ఊళ్లోంచి వచ్చేవాళ్లకు నాలుగున్నర. నియమం ఉందని చెప్పుకోవడానికి తప్ప పనికిరాదు.

పన్నెండు మంచిదే. ఆస్పత్రుల్లో పన్నెండు గంటల డ్యూటీలు ఒకే వేళకు నడిచే చోట అది దానంతటదే వస్తుంది. మూడు డ్యూటీల హోటల్లో దీన్ని పెడితే క్లోజింగ్ చేసినవాడు మర్నాడు ఉదయం 11:30 లోపల రాకూడదు. లంచ్ కోసం టేబుళ్లు సర్దాల్సిన వేళకు మిడిల్ మనిషి ఉండడు. డ్యూటీలు ఓపెనింగ్, మిడిల్, క్లోజింగ్ వరసలో ముందు దిశకు తిప్పుతూ, క్లోజింగ్ తర్వాత మళ్లీ క్లోజింగో వీక్లీ ఆఫో తప్ప మరోటి వేయనంటే పన్నెండు కూడా నడుస్తుంది. అలా తిప్పగలిగితే అంకె పదకొండా పన్నెండా అన్నది పెద్ద తేడా కాదు.

అసలు పోటీ 10కీ 11కీ

ఈ ఒక్క గంట తేడా దేన్ని మారుస్తుందో చార్టులో పెట్టి చూస్తేనే తెలుస్తుంది. సర్వీసులో ఏడుగురు ఉన్నారనుకోండి. రోజూ ఇద్దరు ఓపెనింగ్, ఇద్దరు మిడిల్, ఇద్దరు క్లోజింగ్, ఒకరికి ఆఫ్. ఒక్కొక్కరు ఏడు రోజుల చక్రంలో తిరుగుతారు. చక్రాన్ని రెండు దిశల్లో తిప్పొచ్చు.

ముందు దిశ అంటే రెండు రోజులు ఓపెనింగ్, రెండు మిడిల్, రెండు క్లోజింగ్, తర్వాత ఆఫ్. ప్రతి మార్పులోనూ రావాల్సిన వేళ ఇంకా ఆలస్యం వైపు జరుగుతుంది. ఓపెనింగ్ నుంచి మిడిల్‌కు మధ్యాహ్నం 2:30 నుంచి మర్నాడు 11 దాకా, ఇరవైన్నర గంటలు. మిడిల్ నుంచి క్లోజింగ్‌కు పందొమ్మిదిన్నర. చక్రం మొత్తంలో ఇరుకైన చోటే లేదు.

వెనక దిశ అంటే రెండు క్లోజింగ్, రెండు మిడిల్, రెండు ఓపెనింగ్, ఆఫ్. స్టాఫ్ తరచుగా కోరుకునేది ఇదే. కారణం ఆఫ్‌లో ఉంది. ఓపెనింగ్ చేసి మధ్యాహ్నం 2:30కి ఇంటికెళితే, ఆఫ్ అయ్యాక మూడో రోజు మధ్యాహ్నం 3కి క్లోజింగ్‌కు వస్తే చాలు. మొత్తం 48 గంటల 30 నిమిషాలు చేతికి దొరుకుతాయి. ఊరెళ్లి రావచ్చు. కానీ ఆ సుఖానికి వారం మధ్యలో రెండు ఇరుకు గ్యాపులు వస్తాయి. క్లోజింగ్ నుంచి మిడిల్‌కు 11:30 గంటలు. మిడిల్ నుంచి ఓపెనింగ్‌కు రాత్రి 7:30 నుంచి ఉదయం 6 దాకా 10:30 గంటలు.

10 గంటల నియమంలో ఈ చార్టు పాస్. 11 గంటల నియమంలో ఫెయిల్. మేనేజర్లు పదినే ఇష్టపడటానికి తరచుగా కారణం ఈ మిడిల్–ఓపెనింగ్ గ్యాపే.

"మిడిల్‌ను అరగంట ముందుకు జరిపితే సరి" అంటారు. ఉదయం 10:30 నుంచి రాత్రి 7 అని పెడితే రెండు గ్యాపులూ సరిగ్గా పదకొండు. కాగితం మీద చక్కగా కుదిరింది. కానీ ఇక్కడ ఒక లెక్క గమనించాలి. రెండు మిడిల్ రోజులూ ఒకే వేళకు నడుస్తాయి కాబట్టి ఒక్కటే ఉన్నట్టు చూద్దాం. ఒక రాత్రి 11:30 నుంచి ఎల్లుండి ఉదయం 6 దాకా ఉన్నది ముప్పైన్నర గంటలు. అందులో మిడిల్ డ్యూటీ ఎనిమిదిన్నర తీసేస్తే మిగిలేవి 22. మిడిల్‌ను ఎటు జరిపినా ఆ 22 గంటలే రెండు గ్యాపుల మధ్య పంచుకోవాలి. సగం సగం పంచితే పదకొండు. అంతకు మించి ఈ దిశలో రాదు. అంటే వెనక దిశ చార్టులో పదకొండు అనేది నేల కాదు, కప్పు. ఒక్క నిమిషం అటూ ఇటూ అయినా నియమం తప్పినట్టే.

అటూ ఇటూ కాకుండా ఉండదు కూడా. చార్టులో క్లోజింగ్ 11:30. చివరి ఆర్డరు 10:45కి తీసుకున్నా చివరి టేబులు లేచేసరికి 11:30 అవుతుంది. తర్వాత కౌంటరు లెక్క, కార్డు, యూపీఐ చెల్లింపులు బిల్లులతో సరిచూడటం, కుర్చీలు ఎత్తి తుడవడం, ఫ్రిజ్‌లు చూడటం, తాళాలు. అసలు బయటపడేది 12:10 అనుకుందాం. మిడిల్‌కూ అదే బాధ. రాత్రి ఏడున్నరకు డిన్నర్ రద్దీ మొదలవుతుంది, "ఒక్క అరగంట ఉండవా" అంటారు, ఎనిమిదవుతుంది. అప్పుడు 11 గంటలకు ఎక్కే మిడిల్ ముందు గ్యాపు 10:50, ఓపెనింగ్ ముందు గ్యాపు సరిగ్గా 10. పది గంటల నియమం పెట్టుకున్నవాళ్లకూ అంచు మీదే నడక.

అదే ముందు దిశలో నలభై నిమిషాల ఆలస్యం దేన్నీ చెడగొట్టదు. క్లోజింగ్ తర్వాత మళ్లీ క్లోజింగే కాబట్టి 12:10కి దిగినా మధ్యాహ్నం 3 దాకా పద్నాలుగు గంటల 50 నిమిషాలు ఉంటాయి.

కాబట్టి నా ఓటు పదకొండుకు, అదీ ముందు దిశ చక్రంతో. పదకొండు ఎంచుకోవడానికి నిద్ర లెక్క ఒక కారణం. రెండో కారణం, పదకొండు అని రాస్తే వెనక దిశ చార్టు దానంతటదే మూసుకుపోతుంది. పది అని రాస్తే తెరిచే ఉంటుంది, మేనేజరు మారినప్పుడల్లా అటే జారుతుంది.

ముందు దిశకు ఒక లోపం ఉంది, దాచడం న్యాయం కాదు. ఆఫ్ చిన్నదవుతుంది. క్లోజింగ్ చేసి రాత్రి 11:30కి దిగి, ఒక రోజు ఆఫ్ తీసుకుని, మర్నాడు ఆరింటికి ఓపెనింగ్‌కు వస్తే మధ్యలో ముప్పైన్నర గంటలు. రెండు రాత్రులు ఇంట్లో పడుకుంటారు, నిజమే. కానీ మొదటి రాత్రి ఒంటిగంటకు పడుకుని, రెండో రాత్రి తొమ్మిదిన్నరకే పడుకోవాలి. యూరోపియన్ ఆదేశం వారపు విశ్రాంతిని 24 గంటలకు రోజువారీ 11 కలిపి 35 గంటలుగా చూస్తుంది. ఆ కొలతకు మన ఆఫ్ చాలదు. దీనికి మందు ఓపెనింగ్‌లోనే ఉంది. ఓపెనింగ్‌లో ఇద్దరున్నారు. ఒకరు ఆరింటికి, రెండోవారు 8:30కి వస్తే సరిపోతుంది, టిఫిన్ల అసలు రద్దీ అప్పుడే. ఆఫ్ నుంచి వచ్చినవాళ్లకు ఆ 8:30 డ్యూటీ వేయండి, గ్యాపు 33 అవుతుంది. చివరి క్లోజింగ్ రోజున ఇద్దరిలో ఆఫ్‌కు వెళ్లేవాళ్లను 1:30కి రప్పించి రాత్రి పదింటికి వదిలితే 34:30. ఇంచుమించు యూరప్ కొలత అందినట్టే.

నిషేధమా, అదనపు కూలీయా?

అంకె తేలాక వచ్చే ప్రశ్న ఇది. అమెరికా నగరాలు పూర్తిగా కాదనవు. గ్యాపు తగ్గితే మనిషి ఒప్పుకోవాలి, పైగా డబ్బివ్వాలి. న్యూయార్క్ ఫాస్ట్‌ఫుడ్‌లో రాతపూర్వక సమ్మతి, ప్రతిసారీ 100 డాలర్లు. సియాటిల్, ఒరెగాన్‌లలో పది గంటలు నిండకముందు చేసిన గంటలకు ఒకటిన్నర రెట్లు.

ఈ ఒకటిన్నర రెట్ల పద్ధతిని మన హోటలుకు తెచ్చి చూడండి. నెలకు 18,000 జీతం, 26 రోజులు, రోజుకు ఎనిమిది గంటలు అనుకుంటే గంటకు సుమారు 86 రూపాయలు. రాత్రి 11:30కి దిగి ఆరింటికి ఎక్కితే, పది గంటలు నిండేది 9:30కి. మూడున్నర గంటలకు అదనంగా సగం, అంటే మొత్తం 150 రూపాయల చిల్లర. రెండో మనిషిని పెట్టుకోవడం కన్నా ఇదే చవక. యజమాని ప్రతి వారం కొంటాడు, అప్పుల్లో ఉన్న కుర్రాడు ప్రతి వారం అమ్ముతాడు. ధర చిన్నదైతే నియమం కాస్తా అలవెన్సుగా మారుతుంది. న్యూయార్క్ పద్ధతిలో అంకె పెద్దది, ఒకే మొత్తం కాబట్టి ఒక్క గంట తగ్గినా నొప్పి అంతే. ఆ పద్ధతి కాస్త మేలు.

చార్టు వేసేటప్పుడు పూర్తి నిషేధం, ఆ రోజు అనుకోకుండా ఆలస్యమైతే పరిహారం, ఈ రెంటినీ విడగొట్టడమే నాకు సబబుగా కనిపిస్తుంది. అంటే పదకొండు లోపు గ్యాపుతో చార్టు వేయడానికే వీల్లేదు, ఎవరు ఒప్పుకున్నా సరే. క్లోజింగ్ ఆలస్యమై గ్యాపు తగ్గితే మర్నాడు రావాల్సిన వేళ అన్ని నిమిషాలు వెనక్కి జరుగుతుంది, కానీ జీతం చార్టులో ఉన్న వేళ నుంచే లెక్క. ఈ చివరి ముక్క తప్పనిసరి. అది లేకపోతే ఆలస్యంగా వదిలినందుకు మర్నాటి కూలీ కోసినట్టవుతుంది. అప్పుడు జరిగేదేమిటో ఈ పని తెలిసినవాళ్లందరికీ తెలుసు: 11:30కి పంచ్ అవుట్ కొట్టి, ఆ తర్వాత చీపురు పడతారు. రికార్డు శుభ్రంగా ఉంటుంది, మనిషి అలసిపోతాడు.

దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. బిల్లింగ్ మిషన్‌లో ఆ రోజు లెక్క మూసిన వేళ చూడండి. అది 11:55 అయితే, క్యాషియర్ పంచ్ అవుట్ 11:30 అని ఉండటం అసాధ్యం. నాలుగు వారాల రికార్డు పక్కపక్కన పెడితే దొంగలెక్క ఎక్కడుందో తెలిసిపోతుంది. అదే రికార్డుతో ఇంకో పని కూడా చేయండి. నిజంగా బయటపడిన వేళలను వరసగా పేర్చి, పది రోజుల్లో తొమ్మిది రోజులు ఏ వేళకల్లా అందరూ వెళ్లిపోయారో చూసి, దాన్నే చార్టులో క్లోజింగ్ ముగింపుగా రాయండి. షట్టరు దించిన వేళను రాయకండి.

చార్టులోనే పట్టుకోవడం

సాఫ్ట్‌వేర్ ఉంటే కనీస గ్యాపు సెట్టింగ్ ఉందేమో చూడండి. అది హెచ్చరిక మాత్రమే ఇస్తుందా, సేవ్ కానివ్వకుండా ఆపుతుందా అన్నదీ చూడండి. లేకపోతే స్ప్రెడ్‌షీట్ చాలు. మొదటి నిలువు వరసలో పేరు, రెండోదాన్లో ఎక్కే తేదీ–వేళ, మూడోదాన్లో దిగే తేదీ–వేళ. ముందు పేరును బట్టి, తర్వాత ఎక్కే వేళను బట్టి వరస పెట్టాలి. నాలుగో వరసలో మూడో అడ్డు వరస నుంచి కిందికి ఇది లాగండి:

```
=IF(A3=A2,ROUND((B3-C2)*24,2),"")
```

ఎరుపు రంగు పడటానికి కండిషనల్ ఫార్మాటింగ్‌లో:

```
=AND(ISNUMBER($D3),$D3<11)
```

ఇక్కడ రెండుచోట్ల పొరపాటు జరుగుతుంది. వేళ ఒక్కటే రాసి తేదీ రాయకపోతే అర్ధరాత్రి దాటే గ్యాపుకు మైనస్ అంకె వస్తుంది, లేదా తప్పుడు గ్యాపు వస్తుంది. ముగింపు రాత్రి 12:10 అయితే తేదీ మర్నాటిది కావాలి. రెండోది గుణకారం ఫలితాన్ని రౌండ్ చేయకుండా వదిలేయడం. గణనలో సరిగ్గా పదకొండు గంటలు 10.9999 గా మిగిలి, తప్పులేని గ్యాపు ఎర్రబడొచ్చు. పై సూత్రంలో రెండు దశాంశాలకు కుదించింది అందుకే.

చార్టు ఎంత బాగా వేసినా దాన్ని చెడగొట్టేవి వాట్సాప్ గ్రూపులో జరిగే మార్పిళ్లు. "అన్నా, నా గురువారం క్లోజింగ్ నువ్వు చేస్తావా, నీ శనివారం నేను చేస్తా" అన్నప్పుడు ఇద్దరూ గంటలు సమానమా కాదా అనే చూస్తారు. ఆ అన్నకు శుక్రవారం ఓపెనింగ్ ఉందన్న సంగతి రాత్రి పదకొండింటికి గుర్తొస్తుంది. ఒక మార్పిడికి నాలుగు గ్యాపులు చూడాలి: ఇద్దరికీ, కొత్త డ్యూటీకి ముందూ వెనకా. అందుకే మార్పిడి షీట్‌లో మార్చి ఎరుపు రాలేదని చూశాకే ఖాయం అనుకోవాలి.

స్టాఫ్‌ను రెండుగా విడగొడితే?

అంకెలూ చక్రాలూ ఏవీ వద్దు, ఓపెనింగ్ వాళ్లు ఎప్పుడూ ఓపెనింగే, క్లోజింగ్ వాళ్లు ఎప్పుడూ క్లోజింగే అంటే గ్యాపు సమస్య మూలంలోనే పోతుంది. నిద్రకు అన్నిటికన్నా మంచి పద్ధతి నిజానికి ఇదే, ఒళ్లు ఒక వేళకు అలవాటు పడుతుంది. తేడా డబ్బులో వస్తుంది. టిప్పులు రాత్రి భోజనాల దగ్గరే ఎక్కువ, ఇడ్లీ వడ తిని వెళ్లేవాడు చిల్లర కూడా వదలడు. టిప్పులన్నీ ఒకచోట వేసి పంచుకునే హోటళ్లలో ఇది బాగా నడుస్తుంది, లేనిచోట ఆరు నెలల్లో కొట్లాటకు దిగుతారు. వంటింట్లో మాత్రం ఇదే సహజం: టిఫిన్ మాస్టర్ పొద్దున, తందూరీ మాస్టర్ రాత్రి. పిండి రాత్రి రుబ్బి పులియబెట్టినవాడే పొద్దున ఇడ్లీ పాత్ర ఎత్తాలన్న నియమం ఏదీ లేదు. రుబ్బిన వేళ, ఉప్పు వేశారా లేదా అన్నది డబ్బా మీద చీటీ రాసి అంటిస్తే పొద్దున వచ్చినవాడికి చాలు.

విడగొట్టినా గొడవ వదలని మనిషి ఒకరుంటారు. తాళాలూ క్యాషూ చేతిలో ఉన్న సూపర్‌వైజర్. చాలా హోటళ్లలో రాత్రి మూసి పొద్దున తెరిచేది ఈయనే. యజమాని నమ్మకం ఒక్కడి మీదే ఉండటం, తాళాల గుత్తి ఒక్కటే ఉండటం దీనికి కారణం. ఇక్కడ ఏ గ్యాపు నియమమూ పనిచేయదు, ముందు రెండో గుత్తి చేయించాలి. రాత్రి లెక్క తేలిన క్యాషును కవర్లో పెట్టి సీలు చేసి, ఇద్దరు సంతకం పెట్టి లాకర్లో వేయాలి. పొద్దున తెరిచేవాళ్లకు చిల్లర కోసం వేరే చిన్న పెట్టె, అందులో ఎప్పుడూ ఒకే మొత్తం. అప్పుడు రాత్రి క్యాషుతో పొద్దున మనిషికి పని ఉండదు.

స్ప్లిట్ డ్యూటీ, రంజాన్ నెల

పాత పద్ధతి హోటళ్లలో ఉదయం 7 నుంచి 11:30, మళ్లీ సాయంత్రం 6:30 నుంచి 11 అని విరగ్గొట్టి వేస్తారు. మధ్యాహ్నం ఏడు గంటలు ఖాళీ కదా, అదీ రాత్రి ఎనిమిదీ కలిపితే పదిహేను గంటల విశ్రాంతి అని వాదిస్తారు. గ్యాపు అంటే ఎడతెగనిది. రెండు ముక్కలు కలపడం కుదరదు. పదకొండు గంటల గ్యాపు కావాలంటే రోజులో మొదటిసారి ఎక్కడానికీ చివరిసారి దిగడానికీ మధ్య పదమూడు గంటలకు మించకూడదు. రాత్రి 11కి దిగేవాడు పొద్దున పదింటికి ముందు రాకూడదు. అంటే స్ప్లిట్ డ్యూటీ మనిషి లంచ్, డిన్నర్ చూడగలడు కానీ టిఫిన్లు చూడలేడు. టిఫిన్లకు వేరే మనుషులు కావాల్సిందే.

హైదరాబాద్‌లో హలీం అమ్మేచోట రంజాన్ నెల మొత్తం చార్టును తలకిందులు చేస్తుంది. మూసే వేళ రాత్రి 3 అయితే, పదకొండు గంటల తర్వాత అంటే మధ్యాహ్నం 2. ఆ నెలకు క్లోజింగ్‌ను సాయంత్రం 6:30కి, మిడిల్‌ను 2కి జరిపితే చక్రం అదే దిశలో తిరుగుతూనే ఉంటుంది. మొదటి రోజు ఇబ్బంది లేదు, వేళలు వెనక్కే జరుగుతాయి. తప్పు జరిగేది పండగ మర్నాడు. పండగ రాత్రి మూడింటికి దిగినవాళ్లను పాత వేళల ప్రకారం 11కి మిడిల్‌కు రమ్మంటే గ్యాపు ఎనిమిదే. ఆ ఒక్క రోజుకు మిడిల్‌లో ముందు రోజు ఓపెనింగో ఆఫో చేసినవాళ్లను పెట్టి, రాత్రి మూసినవాళ్లను మధ్యాహ్నం 3 క్లోజింగ్‌కే పిలవాలి. నెలవంక ఏ రోజు కనిపిస్తుందో ముందుగా తెలియదు కాబట్టి ఆ వారానికి రెండు చార్టులు వేసి ఉంచుకోవాలి, ఒకటి ఇరవైతొమ్మిది రోజులకు, ఒకటి ముప్పైకి.